వాట్సాప్‌లో ఉంది కదా!

ఈ మాట మీద నాకు కోపం. మన ఇళ్లలో ఈ మూడు పదాలంత నమ్మకంగా పలికే అబద్ధం ఇంకోటి లేదు. "ఆధార్ జిరాక్స్ ఎక్కడుంది?" "వాట్సాప్‌లో ఉంది కదా." "నానీ మాట్లాడిన వీడియో?" "ఖాందాన్ గ్రూపులో ఉంది కదా." "నికానామా?" "అదీ గ్రూపులోనే ఉంది కదా, భాంజా ఎప్పుడో పెట్టేశాడు." అలా అనేసి అందరం బేఫికర్‌గా పడుకుంటాం. మా ఇంట్లోనూ అలాగే పడుకున్నాం, మేల్కొన్నాక చూస్తే సందూక్ ఖాళీగా ఉంది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా ఆపా ఇల్లు అక్కడే. నీళ్లు తీశాక ఇనుప సందూక్ తెరిస్తే కాగజాత్ అంతా ఒకే ముద్ద. విడదీస్తే సిరా అంతా నీలి మరక. ఆరోజు ఆపా ఏడవలేదు. "కైకు పరేషాన్ అవుతారు, పిల్లోడు సౌదీ పోకముందు అన్నీ ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాడు కదా" అని ఆమే మాకు ధైర్యం చెప్పింది. నిజమే. 2022 జూన్‌లో భాంజా నికానామాతో కలిపి తొమ్మిది కాగితాలు ఫోటోలు తీసి పెట్టాడు. "ఇక ఫికర్ లేదు" అని కింద రాశాడు కూడా.

ఆ తర్వాత ఏడాదికి దుల్హేభాయ్ ఇంతెఖాల్ అయ్యారు. పింఛను కాగితాలకు నికానామా కావాల్సి వచ్చింది. ఆపా ఫోన్ తీసి, గ్రూపులో వెనక్కి వెనక్కి జరిపి, 2022 జూన్ 18 దగ్గర ఆగింది. ఫోటో ఉంది. మసకగా, పొగమంచులో కాగితంలా. మధ్యలో కింది వైపు బాణం గుర్తు. నొక్కింది. గుండ్రం తిరిగింది. ఇక ఈ ఫైలు దొరకదు, పంపినవారినే మళ్లీ పంపమనండి అనే అర్థంలో ఒక సందేశం వచ్చింది. ఆపా మళ్లీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. ఆరోజు ఏడ్చింది.

అప్పుడు మా ఖాందాన్‌లో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ "కంపెనీవాడు ధోకా చేశాడు, మన ఫైళ్లు తినేశాడు" అంది. రెండో పార్టీ "ఎవరో డిలీట్ కొట్టారు" అని పిల్లల్ని తిట్టింది. రెండూ గలత్. ఎందుకు గలతో చెప్పడానికే ఈ రాత. అసలు ఆ ఫోటో ఎక్కడ ఉండేదో తెలియకుండా, అది ఎక్కడికి పోయిందని కొట్లాడుకుంటున్నాం.

మనం గ్రూపులో ఫోటో పెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. పంపేవాడి ఫోన్ ముందు ఒక కొత్త తాళంచెవి తయారుచేస్తుంది. ఆ తాళంతో ఫోటోని ఒక పెట్టెలో బిగించి, ఆ పెట్టెను కంపెనీ గోదాములో దింపుతుంది. తర్వాత మీకు ఒక చీటీ పంపుతుంది. చీటీలో మూడు ఉంటాయి: పెట్టె గోదాములో ఎక్కడుందో ఆ పతా, దాన్ని తెరిచే తాళంచెవి, ఫోటో తాలూకు చిన్న మసక నకలు. మీ ఫోన్ ఆ పతాకు వెళ్లి, పెట్టె తెచ్చుకుని, తాళంచెవితో తెరిస్తే అప్పుడు ఫోటో మీ ఫోన్‌లోకి వస్తుంది. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో అందరి సందేశాలూ ఈ పద్ధతిలోనే తాళం వేసి నడుస్తున్నాయి. గోదాము కంపెనీదే అయినా తాళంచెవి కంపెనీ దగ్గర ఉండదు. పెట్టెలో ఏముందో వాళ్లకు తెలియదు.

ఆ పెట్టె గోదాములో శాశ్వతంగా ఉండదు. మీకు చేరని సందేశాన్ని 30 రోజుల వరకు ఉంచి, అప్పటికీ చేరకపోతే తీసేస్తామని వాట్సాప్ తన నిబంధనల్లోనే రాసింది. ఫోటోలు, ఫైళ్ల పెట్టెలు కూడా అలా కొంతకాలం ఉండే ముసాఫిర్లే. నేను ఇంట్లో చెప్పే లెక్క సులువు: నెలరోజుల్లో దించుకోకపోతే పోయిందనుకోండి. గడువు దాటాక పెట్టె పోతుంది, చీటీ మాత్రం మీ ఫోన్‌లో మిగులుతుంది. మీ దగ్గర పతా ఉంది, తాళంచెవి ఉంది, మసక నకలు ఉంది. పెట్టె లేదు. ఆ మసక నకలే మనల్ని మోసం చేస్తుంది. అది కనిపించినంతకాలం ఫోటో మన దగ్గరే ఉందనుకుంటాం. సమాధి మీది పేరు చదివి మనిషి ఇంట్లో ఉన్నాడనుకోవడం లాంటిది ఇది.

"సరే, అంత పెద్ద కంపెనీకి నా నాలుగు ఫోటోలు బరువా? ఉంచితే ఏం పోయింది?" అని మా మరిది అడిగాడు. మంచి సవాల్. జవాబ్ కూడా సూటిగా ఉంది. మన మాటలు ఎవరూ చదవకూడదని గోల చేసేదీ మనమే, మన ఫైళ్లు ఎల్లకాలం దాచిపెట్టమని అడిగేదీ మనమే. ఉత్తరం ఇచ్చి పోయే తపాలావాడు మీ ఉత్తరాలకు నకళ్లు తీసి ఇంట్లో పెట్టుకుంటే మీకు నచ్చుతుందా? తన దగ్గర లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు, ఏ దఫ్తరూ అడిగి తీసుకోలేదు. ఉంచకపోవడం కూడా హిఫాజతే. ఇంకో దారీ ఉంది. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌ల ఫైళ్లు వాళ్ల సర్వర్లలోనే నిలిచి ఉంటాయి, ఫోన్ మార్చినా కనిపిస్తాయి. కానీ ఆ మామూలు చాట్‌లకు ఇద్దరి మధ్యే ఉండే తాళం లేదు, తాళంచెవి వాళ్ల దగ్గరా ఉంటుంది. ఏది కావాలో మీరు ఎంచుకోండి. రెండూ ఒకే చోట ఉచితంగా కావాలని మాత్రం అడగకండి.

కాబట్టి కంపెనీని తిట్టే పార్టీతో నా జగ్‌డా ఇదే. తపాలావాడి మీద సందూక్ అమానత్ పెట్టింది మనం. అతను మోస్తానన్నాడు, దాస్తాననలేదు.

రెండో పార్టీ సంగతి. మా గ్రూపులో పదకొండు మంది ఉన్నాం. తొమ్మిది కాగితాలు పదకొండు ఫోన్లకు వెళ్లాయి. మరి ఒక్కరి దగ్గరా ఎందుకు లేవు? ఒక్కొక్కరి ఫోన్ పట్టుకుని చూశాను. ఎవరూ దుష్మనీతో డిలీట్ కొట్టలేదు, ఒక్కొక్కరికీ ఒక్కో కారణం దొరికింది.

ఆపా ఫోన్‌లో ఫోటో అసలు ఎన్నడూ దిగలేదు. గుడ్ మార్నింగ్ ఫోటోలతో రోజువారీ డేటా అయిపోతోందని, చిన్నోడు Settings, Storage and data, Media auto-download లోకి వెళ్లి ఫోటోల టిక్కు తీసేశాడు. టిక్కు తీసేస్తే ప్రతి ఫోటోనూ మనమే నొక్కి దించుకోవాలి. ఆపా నొక్కలేదు. కింద "మాషాఅల్లాహ్" అని రాసి వదిలేసింది. నెల గడిచింది, పెట్టె పోయింది. ఆమె మూడేళ్లు చూసుకున్నది మసక నకలునే.

పంపిన భాంజా సౌదీలో ఫోన్ మార్చాడు. పాతదాని బ్యాకప్ తెచ్చుకోకుండా కొత్తగా మొదలుపెట్టాడు. అతని చాట్‌లో ఆ సందేశమే లేదు.

మూడో గలతీ నాది, దాచను. నా ఫోన్‌లో ఫోటో దిగింది, చూశాను కూడా. తర్వాత మెమరీ నిండిందని, ఫోన్ శుభ్రం చేసే యాప్‌లో "వాట్సాప్ ఫోటోలు" అన్న వరసంతా ఎంచి తుడిచేశాను. నేను నొక్కితే ఆపాకు వచ్చిన సందేశం రాలేదు, ఈ ఫైలు మీ ఫోన్ స్టోరేజీలో లేదు అని వచ్చింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మళ్లీ పంపమని అడగండి అంటే గోదాములో పెట్టె పోయిందని అర్థం, అది మీ ఫోన్‌కు ఎన్నడూ రాలేదు. మీ స్టోరేజీలో లేదు అంటే వచ్చింది, ఇంట్లోనే పోయింది. మొదటిదానికి మీ ఫోన్ వెతకడం దండగ, ఇంకొకరి ఫోన్ వెతకాలి. రెండోదానికి ముందు మీ గ్యాలరీలోని ట్రాష్ చూడండి. చాలా ఫోన్లలో తుడిచినవి 30 రోజులు అక్కడ పడి ఉంటాయి. నేను తుడిచి ఏళ్లయింది, నాకు ఆ అదృష్టమూ లేదు.

దొరికింది మామూ దగ్గర. మామూ రిటైరయిన టీచరు. ఇంట్లో వైఫై. ఏ టిక్కూ తీయడు, ఏ ఫోటోనూ తుడవడు. ఆయన ఫోన్ నెమ్మదిగా నడుస్తుందని ఖాందాన్ అంతా నవ్వుతాం. ఆయన ఫోన్‌లో ఫోటో నొక్కగానే తెరుచుకుంది. కానీ ముందు నాకది కనబడలేదు, ఎందుకంటే మామూకి ఆ మధ్య ఎవరో "క్లియర్ చాట్" నేర్పారు, 2022 సందేశాలు లేవు. ఫైళ్లు మాత్రం ఫోల్డర్‌లో ఉండిపోయాయి. చాట్ తుడిచేటప్పుడు ఫోన్ స్టోరేజీలోని ఫైళ్లనూ తీసేయాలా అని అడిగే టిక్కును ఎవరో తీసేసి ఉంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ ఫైళ్లు ఉండే చోటు ఇది:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Images
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Documents
```

ఫోన్‌లోని ఫైల్ మేనేజర్ తెరిచి ఈ దారిన పోవాలి. వచ్చినవి ఈ ఫోల్డర్లలో ఉంటాయి, మనం పంపినవి వాటి లోపల Sent అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడ వేల ఫోటోలు ఉంటాయని భయపడకండి. పేరులోనే తారీఖు ఉంటుంది. మేము వెతికింది ఇలా మొదలయ్యే పేర్లు:

```
IMG-20220618-WA
```

ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, WA తర్వాత ఆరోజు వరస నంబరు. అందుకే ముందు ఎవరి చాట్‌లోనైనా సందేశం తారీఖు చూసి రాసుకోవాలి. నేను ఆపా ఫోన్ చూసి జూన్ 18 అని రాసుకున్నాను. ఆ తారీఖుతో మామూ ఫోన్‌లో నలభై దాకా ఫోటోలు ఉన్నాయి, ఎవరిదో వలీమా కూడా ఆరోజే. వాటి మధ్య తొమ్మిది కాగితాలూ దొరికాయి. ఐఫోన్‌వాళ్లకు ఇలా ఫోల్డర్ తెరిచే వీలు లేదు. ఫైలు యాప్ లోపలే ఉంటుంది, సేవ్ అయితేనే బయటికొస్తుంది. గ్రూపులో తర్వాత చేరినవాళ్లను అడగడమూ దండగే, వాళ్లకు ఆ పాత చీటీ అందనే లేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ రాత రాసేవాణ్ని కాదు. ఫోటో పెద్దది చేసి చూస్తే అక్షరాలు చెదిరిపోయాయి. భాంజా వాటిని ఫోటోలుగా పంపాడు, ఫైళ్లుగా కాదు. ఫోటోగా పంపితే యాప్ దాన్ని కుదిస్తుంది. ఫోన్ కెమెరా తీసిన 4000 పిక్సెళ్ల పొడవు మామూలుగా పంపినప్పుడు 1600 దగ్గరికి వచ్చేస్తుంది. మా నికానామా లీగల్ సైజు కాగితం, 14 అంగుళాల పొడవు. లెక్కవేయండి, అంగుళానికి 114 చుక్కలు. దఫ్తర్లలో స్కాన్ చేసేది 300కి. పెద్ద అక్షరాల తెలుగు చదవొచ్చేమో కానీ, ఖాజీగారు కలంతో రాసిన ఉర్దూ చదవలేం. మెహర్ రకం దగ్గర నుక్తాలు ఎన్నో నాకే తెలియలేదు, ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని.

అయినా పైన కుడిపక్క రిజిస్టర్ నంబరు, తారీఖు, ఖాజీగారి పేరు తెలిశాయి. అవి చాలు. ఆపా నికా జరిగింది విజయవాడలో కాదు, మా ఊళ్లో. ఆ వరద నీళ్లు ఖాజీగారి రిజిస్టర్‌ని తాకలేదు. నంబరు పట్టుకుని వెళ్తే, రిజిస్టర్ తెరిచి, నకలు రాసి మొహర్ వేసి ఇచ్చారు. నంబరు లేకపోతే ఆ సంవత్సరం పుస్తకాలన్నీ పేజీ పేజీ తిప్పాలి. ఆ మసక ఫోటో సబూత్‌గా పనికిరాలేదు, సబూత్ ఎక్కడుందో చూపించింది. ఫోన్‌లోని కాగితానికి ఇంతకు మించి కీమత్ ఇవ్వకండి. ఇంటి దస్తావేజు పోయినా అంతే, దాని నంబరు, సంవత్సరం తెలిస్తే సబ్‌రిజిస్ట్రార్ దఫ్తర్ నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు.

ఇక్కడ ఒకరు తప్పక అంటారు: "మేము బ్యాకప్ పెట్టుకున్నాం, మాకు ఈ బాధ లేదు." పెట్టుకోండి, మంచిదే. కానీ బ్యాకప్ మీ ఫోన్‌లో ఉన్నదాన్నే తీసుకెళ్తుంది. ఆపా ఫోన్‌కు రోజూ రాత్రి బ్యాకప్ అవుతూనే ఉంది. ఎన్నడూ దిగని ఫోటో బ్యాకప్‌లోకి ఎలా వస్తుంది? మూడేళ్లు ఆమె బ్యాకప్ చేసుకుంది మసక నకలునే. వీడియోలైతే Chat backup లో Include videos నొక్కితే తప్ప వెళ్లవు. 2024 నుంచి ఆండ్రాయిడ్ బ్యాకప్ మీ గూగుల్ ఖాతాలోని 15 జీబీ ఉచిత జాగాలో లెక్కకొస్తోంది, అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, మీరు చూసుకోకపోతే తెలియదు కూడా. బ్యాకప్‌కు తాళం వేసుకున్నవాళ్లు ఆ పాస్‌వర్డ్ గానీ 64 అంకెల తాళంచెవి గానీ పోగొట్టుకుంటే కంపెనీ కూడా తెరవలేదు.

మరి ఏం చేయాలి? నేను మా ఇంట్లో పెట్టిన ఖానూన్ చెబుతాను. పెద్దదేం కాదు.

కాగితం వచ్చిన రోజే చాట్ నుంచి బయటికి తీయాలి. నొక్కి దించి, పూర్తిగా తెరుచుకుందో లేదో చూసి, ఫోన్‌లో వేరే ఫోల్డర్‌లోకి, గూగుల్ డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. పేరు కూడా మార్చాలి. ఇప్పుడు మా ఫైలు పేరు "ఆపా నికానామా", WA0007 కాదు. "మాషాఅల్లాహ్" తర్వాత రాసుకోవచ్చు, ముందు దించండి.

పంపేవాడు ఫోటోగా కాదు, Document గా పంపాలి. అటాచ్ గుర్తు నొక్కితే Gallery పక్కనే Document ఉంటుంది. అలా పంపితే కుదింపు ఉండదు, తీసిన నాణ్యతలోనే పోతుంది. కానీ జాగ్రత్త, డాక్యుమెంట్‌కూ అదే గోదాము, అదే గడువు. మొబైల్ డేటా మీద మామూలు సెట్టింగ్‌లో డాక్యుమెంట్లు వాటంతట అవి దిగవు కూడా. నాణ్యత మిగిలింది కదా అని దించుకోవడం మరిచిపోతే మొదటికే మోసం.

గ్రూపులో Disappearing messages పెట్టి ఉందేమో చూడండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులు ఉంటాయి. గ్రూపు శుభ్రంగా ఉంటుందని ఏ కుర్రాడో పెడతాడు. అలాంటి గ్రూపులో కాగితాలు పెట్టడమంటే ఇసుక మీద దస్తఖత్ చేయడమే.

ఇప్పటికే పోయిందా? పంపినవాడి దగ్గర మొదలుపెట్టండి. అతని కెమెరా గ్యాలరీ, గూగుల్ ఫోటోస్ ముందు చూడమనండి, అక్కడ దొరికేది కుదించని అసలు. తర్వాత అతని Sent ఫోల్డర్. అక్కడా లేకపోతే గ్రూపులో ఏదీ తుడవని మామూ ఎవరో వెతకండి. ప్రతి ఖాందాన్‌లో ఒకరు ఉంటారు. ఆయన ఫోన్ నెమ్మదిగా ఉందని నవ్వకండి.

చివరిగా భాంజాలకు, భతీజాలకు ఒక మాట. ఫోటోలు తీసి గ్రూపులో పడేసి "ఇక ఫికర్ లేదు" అనడంతో మీ పని అయిపోదు. అది పని మొదలు. అమ్మీ చేతిలో ఫోన్ తీసుకుని, ఆ ఫోటోని మీరే నొక్కి, దిగిందో లేదో చూసి, పెద్దది చేసి అక్షరాలు చదివి చూపించండి. ఐదు నిమిషాలు పడుతుంది. మా భాంజా ఆ ఐదు నిమిషాలు ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు, చదువుకున్నవాణ్ని నేనే కదా ఆ గ్రూపులో. మూడేళ్ల తర్వాత ఆపా ఆ గుండ్రాన్ని నొక్కుతూ కూర్చుంది.

ఈ రాత్రి మీ అమ్మీ ఫోన్ తీసి ఖాందాన్ గ్రూపులో వెనక్కి జరపండి. బాణం గుర్తున్న మసక ఫోటో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అవి మీ దగ్గర లేని కాగితాలు.